రెండు ఆఫర్ లెటర్లు చేతిలో ఉన్నప్పుడు: స్టాక్ ఆప్షన్ల విలువను ఊహించకుండా పోల్చే పద్ధతి

ఒక ఆఫర్‌లో జీతం ఎక్కువ, ఇంకోదాంట్లో షేర్లు ఎక్కువ. పోల్చడానికి కూర్చున్న చాలామంది ముందు ఆప్షన్లకు ఏదో ఒక విలువ కట్టి, దాన్ని జీతానికి కలిపి, ఏ మొత్తం పెద్దదైతే అటు మొగ్గుతారు. తప్పు అక్కడే మొదలవుతుంది. మార్కెట్లో నమోదు కాని కంపెనీ షేరు నాలుగేళ్ల తర్వాత ఎంత పలుకుతుందో కంపెనీ పెట్టినవాళ్లకే తెలియదు. అందుకే ప్రశ్నను తిప్పి అడగాలి. ఆప్షన్లు ఎంత తెస్తాయి అని కాకుండా, జీతంలో పోగొట్టుకుంటున్నది తిరిగి రావాలంటే ఆ కంపెనీ ఎంతకు అమ్ముడుపోవాలి అని అడగాలి. ఈ రెండో ప్రశ్నకు కచ్చితమైన జవాబు దొరుకుతుంది. ఆ జవాబు నమ్మదగ్గదో కాదో అప్పుడు మీరే తేల్చుకోవచ్చు.

ఒక ఉదాహరణ తీసుకుని చివరిదాకా లెక్క వేద్దాం. అంకెలన్నీ ఒకే కరెన్సీలో, పన్నుకు ముందువి అనుకోండి.

మొదటి ఆఫర్ మార్కెట్లో నమోదైన పెద్ద కంపెనీది. మూల జీతం ఏడాదికి 24 లక్షలు, టార్గెట్ బోనస్ 15 శాతం, అంటే 3.6 లక్షలు. నాలుగేళ్లలో సమానంగా చేతికొచ్చే షేర్లు ఇవాళ్టి ధరకు 12 లక్షలు. జాయినింగ్ బోనస్ 2 లక్షలు. లెటర్‌లో మొదటి ఏడాది మొత్తం 32.6 లక్షలు అని ఉంటుంది.

రెండోది నమోదు కాని స్టార్టప్. మూల జీతం 21 లక్షలు, వేరియబుల్ పే 10 శాతం, 8,000 స్టాక్ ఆప్షన్లు. ఒక్కో ఆప్షన్‌కు ఎక్సర్‌సైజ్ ధర, అంటే దానితో ఒక షేరు కొనడానికి మీరు కట్టాల్సింది, 100. కంపెనీ కిందటిసారి పెట్టుబడి తెచ్చిన రౌండ్‌లో ఇన్వెస్టర్లు ఒక్కో షేరుకు పెట్టిన ధర 600. కాబట్టి ఆప్షన్ల విలువ 40 లక్షలు, ఏడాదికి 10 లక్షలు అని లెటర్ చెబుతుంది. అన్నీ కలిపితే 33.1 లక్షలు. కాగితం మీద స్టార్టప్‌దే పైచేయి.

ముందు చేతికొచ్చే డబ్బు

ఆప్షన్లను కాసేపు పక్కన పెట్టి, నాలుగేళ్లలో నిజంగా బ్యాంకు ఖాతాలో పడే డబ్బు లెక్కేయాలి. ఆప్షన్లు మామూలుగా వెస్ట్ అయ్యేది, అంటే పూర్తిగా మీ సొంతమయ్యేది, నాలుగేళ్లలో కాబట్టి అదే కొలత. ఒక్క ఏడాదే చూస్తే జాయినింగ్ బోనస్ లాంటి ఒక్కసారి వచ్చే డబ్బు జీతంలో కలిసిపోయి కళ్లు కప్పుతుంది.

బోనస్ దగ్గర రెండు విషయాలు అడిగి తెలుసుకోవాలి. ఒకటి, గత మూడేళ్లలో టార్గెట్‌లో ఎంత శాతం నిజంగా చెల్లించారు. "15 శాతం" అన్నది టార్గెట్ మాత్రమే. కంపెనీ ఫలితాలు, మీ రేటింగ్ రెండూ కలిసి దాన్ని తగ్గించవచ్చు, పెంచవచ్చు. మన ఉదాహరణలో పెద్ద కంపెనీ సగటున 80 శాతం, స్టార్టప్ 50 శాతం చెల్లించాయనుకుందాం. రెండోది, బోనస్ ఎప్పుడు చేతికొస్తుంది, ఆ రోజు రోల్స్‌లో ఉండాలా అన్నది. ఏడాది ముగిసిన కొన్ని నెలలకు చెల్లించి, ఆ తేదీకి ఉద్యోగంలో ఉన్నవాళ్లకే ఇచ్చే చోట్లు చాలా ఉన్నాయి. అలాంటప్పుడు సరిగ్గా నాలుగేళ్లు పనిచేసి వెళ్లిపోయినవాళ్లకు దక్కేవి మూడు బోనస్‌లే. ఏడాది మధ్యలో చేరితే మొదటి బోనస్ చేరిన నెలల మేరకే వస్తుంది.

ఇంక్రిమెంట్ పెద్ద కంపెనీలో 6 శాతం, స్టార్టప్‌లో 10 శాతం అని హెచ్ఆర్ చెప్పిందనుకోండి. ప్రస్తుతానికి ఆ మాట నమ్మి లెక్కేద్దాం, తర్వాత పరీక్షిద్దాం.

| నాలుగేళ్లలో (లక్షల్లో) | పెద్ద కంపెనీ | స్టార్టప్ |
|---|---|---|
| మూల జీతం | 105.0 | 97.5 |
| మూడు బోనస్‌లు | 9.2 | 3.5 |
| షేర్లు, ఇవాళ్టి ధరకు | 12.0 | ఇంకా లెక్కించలేదు |
| జాయినింగ్ బోనస్ | 2.0 | 0 |
| మొత్తం | 128.2 | 101.0 |

తేడా 27.2 లక్షలు. లెటర్ల ప్రకారం స్టార్టప్ మొదటి ఏడాది అర లక్ష ముందుంది. చేతికొచ్చే డబ్బు ప్రకారం నాలుగేళ్లలో 27 లక్షలు వెనకబడింది. 8,000 ఆప్షన్లు మోయాల్సిన బరువు ఇదే.

పెద్ద కంపెనీ షేర్లను నగదుతో కలిపి రాశామేమిటని అనిపించవచ్చు. వాటి ధర కూడా పడొచ్చు, 30 శాతం పడితే 12 లక్షలు 8.4 అవుతాయి. కానీ చేతికొచ్చిన రోజే, కంపెనీ అమ్మకాన్ని నిషేధించే కొన్ని వారాలు తప్పిస్తే, అమ్ముకోవచ్చు. డబ్బు పెట్టి కొనాల్సిన పని కూడా లేదు. స్టార్టప్ ఆప్షన్‌కు ఆ రెండు సుఖాలూ లేవు. ఇంకో మాట: నాలుగేళ్లు నిండాక ఆ మొదటి షేర్లు అయిపోతాయి. మధ్యలో కొత్త షేర్లు ఇవ్వకపోతే ఐదో ఏట మొత్తం రాబడి ఒక్కసారిగా 3 లక్షలు తగ్గుతుంది. ఏటా కొత్తగా ఇస్తారా అని ముందే అడగండి.

కంపెనీ ఎంతకు అమ్ముడుపోవాలి?

27.2 లక్షలను 8,000తో భాగిస్తే ఒక్కో ఆప్షన్ మీద 340 మిగలాలి. కొనడానికి పెట్టే 100 కలిపితే షేరు ధర కనీసం 440 ఉండాలి. ఇన్వెస్టర్లు ఇప్పటికే 600 పెట్టారు కదా, 440 ఎంతలే అనిపిస్తుంది. లెటర్‌లోని 40 లక్షలు తప్పుదారి పట్టించేది సరిగ్గా ఇక్కడే. ఇన్వెస్టర్లు కొన్నవి ప్రిఫరెన్స్ షేర్లు. కంపెనీ అమ్ముడుపోతే ముందు తమ డబ్బు వెనక్కి తీసుకునే హక్కు వాటికుంది. మీకు దక్కేవి మామూలు షేర్లు. రెండింటికీ ఒకే ధర కట్టడం న్యాయం కాదు.

ఈ లెక్క సాగాలంటే కంపెనీ నుంచి కొన్ని అంకెలు కావాలి. అన్ని ఆప్షన్లూ, మార్చుకోగల షేర్లూ కలిపిన మొత్తం షేర్ల సంఖ్య (ఫుల్లీ డైల్యూటెడ్ అంటారు), ఇప్పటిదాకా ఇన్వెస్టర్లు పెట్టిన మొత్తం, వాళ్లు ఏ ధరకు కొన్నారు అన్నవి. మొత్తం షేర్ల సంఖ్య తెలియకుండా 8,000 అనే అంకెకు అర్థమే లేదు. కోటి షేర్లున్న చోట అది 0.08 శాతం, పది కోట్లున్న చోట 0.008 శాతం. ఆ సంఖ్య చెప్పడానికి ఒప్పుకోకపోతే ఆ ఆప్షన్లకు సున్నా విలువ కట్టి మిగతాది పోల్చండి. కఠినంగా అనిపించినా, కొలవలేనిదానికి జీతం వదులుకోవడం కన్నా ఇది మేలు.

మన స్టార్టప్‌లో మొత్తం షేర్లు కోటి, అంటే 100 లక్షలు. ధర 600 కాబట్టి విలువ 600 కోట్లు. కిందటి రౌండ్‌లో 15 లక్షల షేర్లకు 90 కోట్లు వచ్చాయి. అంతకుముందు 20 లక్షల షేర్లకు, ఒక్కోటి 300 చొప్పున, 60 కోట్లు వచ్చాయి. అమ్ముడుపోయేలోపు కంపెనీ ఇంకో రౌండ్‌కు వెళ్తుందనుకుందాం. అదే 600 ధరకు 25 లక్షల కొత్త షేర్లు ఇచ్చి 150 కోట్లు తెస్తుంది. షేర్లు 125 లక్షలయ్యాయి. మీ వాటా 0.08 నుంచి 0.064 శాతానికి తగ్గింది. డైల్యూషన్ అంటే ఇదే.

ఇప్పుడు షేరుకు 440 రావాలంటే 125 లక్షల షేర్లకు 550 కోట్లు చాలుననిపిస్తుంది. చాలదు. 600 పెట్టి కొన్నవాళ్లు 440కి ఒప్పుకోరు. మామూలు షేర్లుగా మార్చుకోకుండా తమ అసలు వెనక్కి తీసుకుంటారు. అలాంటివాళ్ల 40 లక్షల షేర్లకు పెట్టిన 240 కోట్లు ముందే పోతాయి. 300కి కొన్నవాళ్లకు 440 లాభమే కాబట్టి వాళ్లు మీతోపాటు వరుసలో నిలబడతారు. మిగిలిన 85 లక్షల షేర్లకు 440 చొప్పున 374 కోట్లు. మొత్తం 614 కోట్లు. పెట్టినంత మాత్రమే ముందుగా తీసుకునే హక్కున్నప్పటి లెక్క ఇది. కొన్ని ఒప్పందాల్లో పెట్టినదానికి రెట్టింపు ముందు తీసుకుంటారు, లేదా అసలు తీసుకున్నాక మళ్లీ వాటా కూడా పంచుకుంటారు. అప్పుడు మీ దాకా వచ్చేది ఇంకా తగ్గుతుంది. అందుకే "ప్రిఫరెన్స్ ఒకటింతలేనా, అసలు తీసుకున్నాక వాటా కూడా ఉంటుందా" అని అడగాలి.

అంటే ఇవాళ్టి 600 కోట్ల విలువకు అమ్ముడుపోతే మీకు మిగిలేది 40 లక్షలు కాదు. పోగొట్టుకున్న జీతం తిరిగి రావడానికే ఇంకొంచెం కావాలి.

పైగా ఈ 614 కోట్లు తప్పకుండా జరిగేవాటికి వేసిన లెక్క. అమ్ముడుపోవడం సగం అవకాశమే అనుకుంటే, జరిగినప్పుడు రెట్టింపు రావాలి. 54.4 లక్షలు, ఆప్షన్‌కు 680, షేరు ధర 780. ఆ ధరకు అందరూ మామూలు షేర్లుగా మార్చుకుంటారు కాబట్టి 125 లక్షల షేర్లకు 975 కోట్లు. అవకాశం నాలుగింట ఒక వంతే అనుకుంటే షేరు 1,460 పలకాలి, కంపెనీ 1,825 కోట్లకు పోవాలి. మధ్యలో ఇంకో రౌండ్ వచ్చి మరో 20 శాతం వాటా కరిగితే ఒక్కో అంకె పావు వంతు పెరుగుతుంది. 975 కాస్తా దాదాపు 1,219 అవుతుంది.

ఇక మీ నమ్మకం పని మొదలవుతుంది. ఇవాళ 600 కోట్ల కంపెనీ నాలుగైదేళ్లలో మూడింతలై, 1,825 కోట్లకు చేరే అవకాశం నాలుగింట ఒక వంతు ఉందా? అమ్మకాలు ఏటా ఎంత పెరుగుతున్నాయి, చేతిలో ఉన్న డబ్బు ఎన్ని నెలలకు సరిపోతుంది అని అడిగితే జవాబుకు దగ్గరపడతారు. 18 నెలలకే సరిపడా డబ్బుంటే ఆ లోపే ఇంకో రౌండ్ తప్పదు, డైల్యూషన్ కూడా తప్పదు. ఉంది అనిపిస్తే స్టార్టప్ న్యాయమైన బేరమే. లేదనిపిస్తే ఆ పనిని ఇష్టపడి జీతం వదులుకుంటున్నారని తెలిసి చేరండి.

మధ్యలో మానేస్తే

నాలుగేళ్లు ఉండిపోతామనే అనుకుంటాం. లెక్క మాత్రం రెండేళ్లకు కూడా వేయాలి. చాలా కంపెనీల్లో మొదటి ఏడాది నిండకుండా మానేస్తే ఒక్క ఆప్షన్ కూడా దక్కదు. 11 నెలలకు వెళ్లినా సున్నాయే. దీన్ని క్లిఫ్ అంటారు. రెండేళ్లకు వెళ్తే 4,000 ఆప్షన్లు వెస్ట్ అవుతాయి. అప్పటికి చేతికొచ్చిన డబ్బులో తేడా సుమారు 15.2 లక్షలు. దాన్ని 4,000తో భాగిస్తే ఆప్షన్‌కు 379, షేరు ధర 479 కావాలి. నాలుగేళ్ల లెక్కకన్నా గీత పైకి జరిగింది. స్టార్టప్‌లో జీతం ఎక్కువ వెనకబడేది మొదటి ఏళ్లలోనే కావడం దానికి కారణం.

అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. మానేశాక ఆప్షన్లను కొనుక్కోవడానికి తరచుగా 90 రోజులే గడువిస్తారు. 4,000 ఆప్షన్లకు 4 లక్షలు చేతి నుంచి పెట్టాలి. చాలా దేశాల్లో ఆ రోజు షేరుకున్న విలువకూ మీరు పెట్టిన ధరకూ మధ్య తేడా మీద అప్పుడే పన్ను పడుతుంది, షేరు అమ్ముకునే దారి ఇంకా లేకపోయినా. ఆ రోజుకు షేరు విలువ 400గా నిర్ణయమైతే, రాని 12 లక్షల లాభం మీద పన్ను కట్టాలన్నమాట. డబ్బు సర్దలేక వెస్ట్ అయిన ఆప్షన్లను వదిలేసుకునేది ఎక్కువగా ఇక్కడే. పన్ను నియమాలు దేశాన్ని బట్టి మారతాయి. సంతకానికి ముందే మీ ప్రాంతంలో ఆప్షన్ల లెక్కలు చూసిన అకౌంటెంట్‌ను ఒక్కసారి కలవడం డబ్బుకు తగ్గ పని.

పెద్ద కంపెనీ వైపు కూడా ఇలాంటి మెలిక ఉంది. జాయినింగ్ బోనస్ తీసుకుని ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలన్న షరతు మామూలే. కట్టాల్సింది పన్ను పోగా చేతికొచ్చినంతా, పన్నుతో కలిపి మొత్తమా, నెలల లెక్కన తగ్గుతుందా అన్నది లెటర్‌లో చదవండి.

ఎదుగుదలను అంకెల్లోకి మార్చడం

"ఇక్కడ గ్రోత్ బాగుంటుంది" అన్న మాటను ఎలా తూచాలో తెలియక కొందరు పూర్తిగా వదిలేస్తారు, కొందరు దానికోసమే చేరిపోతారు. రెండూ అక్కర్లేదు. ఎదుగుదల జీతంలో కనిపించే దారులు రెండు: ఏటా పడే ఇంక్రిమెంట్, ప్రమోషన్.

మన ఉదాహరణలో 10 శాతం ఇంక్రిమెంట్ మాట నిలబడితే మూల జీతంలో 3 లక్షల తేడా నాలుగో ఏటికి 63 వేలకు దిగుతుంది. ఐదో ఏట స్టార్టప్ జీతం 30.7 లక్షలతో పెద్ద కంపెనీ 30.3 లక్షలను దాటుతుంది. అదే స్టార్టప్ నిజంగా ఇచ్చేది 7 శాతమే అయితే నాలుగేళ్లలో 4.2 లక్షలు జారిపోతాయి, జీతం దాటడం ఐదో ఏట జరగదు. కాబట్టి "ఈ ఏడాది పోగా కిందటి రెండేళ్లలో ఇదే స్థాయివాళ్లకు సగటు ఇంక్రిమెంట్ ఎంత" అని అడగండి. హైరింగ్ మేనేజర్ దీనికి అంకెతో జవాబివ్వగలగాలి.

ప్రమోషన్ బరువు ఇంకా ఎక్కువ. పెద్ద కంపెనీలో మూడో ఏట మామూలు ఇంక్రిమెంట్‌కు బదులు 18 శాతంతో ప్రమోషన్ వచ్చిందనుకోండి. మిగిలిన రెండేళ్లలోనే 6.3 లక్షలు అదనం, తేడా 27.2 నుంచి 33.5 లక్షలకు పెరుగుతుంది. దీన్ని లెక్కలోకి తీసుకోవాలంటే వాగ్దానం చాలదు. మూడేళ్ల కిందట ఇదే స్థాయిలో చేరినవాళ్లలో ఎంతమంది పై స్థాయిలో ఉన్నారని అడగాలి. పదిమందిలో ఇద్దరైతే ఆ 6.3 లక్షల్లో ఐదో వంతే రాసుకోండి. మిమ్మల్ని ఏ స్థాయిలో తీసుకుంటున్నారన్నది కూడా చూడాలి. ఒక మెట్టు కింద చేర్చుకుని జీతం కాస్త పెంచి ఇస్తే, పై మెట్టుకు పట్టే రెండేళ్లు ఆ పెంపును తినేస్తాయి.

స్టార్టప్‌లో పదవి పేరు త్వరగా పెరుగుతుంది, దానితో జీతం పెరగకపోవచ్చు. అక్కడి అసలు లాభం బయట మార్కెట్లో కనిపించాలి. ఏడాది తర్వాత మీ చేతిలో ఏ పని ఉంటుందో కాగితం మీద రాసుకుని, ఆ పని అడుగుతున్న ఉద్యోగ ప్రకటనల్లో ఇవాళ ఎంత జీతం ఉందో చూడండి. రెండు ఆఫర్లకూ ఇలా చూస్తే ఏది మీ మార్కెట్ ధరను పెంచుతుందో తెలుస్తుంది. అక్కడ తేడా కనిపించకపోతే గ్రోత్ పేరుతో జీతం వదులుకోకండి.

ఈ లెక్కతో బేరం

పోలిక పూర్తయ్యాక 27.2 లక్షలన్న అంకె బేరానికి పనికొస్తుంది. స్టార్టప్‌ను ఎక్కువ ఆప్షన్లు అడగడం సులువే, ఇవ్వడం వాళ్లకూ సులువే. మూల జీతం అడగడమే మీకు మంచిది. మూల జీతం 2 లక్షలు పెంచితే 10 శాతం ఇంక్రిమెంట్‌తో నాలుగేళ్లలో 9.28 లక్షలవుతుంది. ఆప్షన్ విలువ 500 అని కంపెనీ లెక్క కాబట్టి, దానికి బదులు 1,856 ఆప్షన్లు ఇస్తే సరిపోయిందని వాళ్లు అనవచ్చు. షేరు 1,000కి చేరే అవకాశం నాలుగింట ఒక వంతే అని మీ అంచనా అయితే ఒక్కో ఆప్షన్ మీకు 225 విలువే, అంటే 4,100కు పైగా ఆప్షన్లు రావాలి. ఈ రెండు అంకెల మధ్య దూరం చూపించి మాట్లాడితే వాదన మర్యాదగానే సాగుతుంది.

జీతం కదలనంటే, మానేశాక కొనుక్కునే గడువును 90 రోజుల నుంచి కొన్నేళ్లకు పెంచమని అడగండి. కంపెనీకి ఇప్పుడు రూపాయి ఖర్చు లేదు. మీకు మాత్రం డబ్బు సర్దలేక వదిలేసుకునే ప్రమాదం చాలావరకు తగ్గుతుంది. కొన్ని చోట్ల గడువు పెంచితే పన్ను తీరు మారుతుంది, అకౌంటెంట్‌ను అడిగే ప్రశ్నల్లో దీన్నీ చేర్చుకోండి. ఒప్పుకున్నది ఫోన్‌లో విని ఊరుకోకుండా ఆప్షన్ గ్రాంట్ ఒప్పందంలోనే రాయించుకోండి. ఆఫర్ లెటర్‌లో ఒకటి, గ్రాంట్ ఒప్పందంలో ఇంకోటి ఉంటే సాధారణంగా చెల్లేది గ్రాంట్ ఒప్పందంలో ఉన్నదే. అది చేరిన కొన్ని వారాల తర్వాత బోర్డు ఆమోదంతో మీ చేతికొస్తుంది. ఎక్సర్‌సైజ్ ధర కూడా అప్పుడే ఖరారవుతుంది కాబట్టి ఆ కాగితం వచ్చిన రోజు 100 అన్నది 100గానే ఉందో లేదో చూసుకుని సంతకం చేయండి.